మడత ఎప్పుడు పడింది?

వంద రూపాయల నోట్లు రెండు బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటికీ కుడివైపు పైమూల మడత పడి ఉంది. మొదటిది ఎవరి జేబులోనో నలిగినది. దానికి కూరగాయల కొట్లో వంద రూపాయల విలువే తప్ప పైసా ఎక్కువ రాదు. రెండోదాని మడత విప్పితే లోపల తెల్లటి కాగితం కనిపిస్తుంది. అక్కడ రంగు లేదు, గీతల్లేవు. ఆ మూల మీద పడాల్సిన బొమ్మ ముక్క నోటు వెనకవైపున, మడిచిన కాగితం మీద అచ్చయి ఉంది. ఈ రెండో నోటు కోసం పాత నోట్లు సేకరించేవాళ్లు వేలంలో పోటీ పడతారు.

రెండింట్లోనూ మడత మడతే. కాకపోతే ఒకటి అచ్చు పూర్తయ్యాక పడింది, రెండోది అచ్చుకు ముందే పడింది. నోటు మీద కనిపించే ప్రతి గీతను, ప్రతి చిరుగును, ప్రతి అంకెను చూసి అనుభవమున్నవాళ్లు వేసుకునే ప్రశ్న ఇదొక్కటే: ఇది అచ్చుశాల లోపల జరిగిందా, బయటికొచ్చాక జరిగిందా? లోపల జరిగితే అరుదు, బయట జరిగితే నష్టం. బయట చేసినదాన్ని లోపల జరిగినట్టు చూపిస్తే అది మోసం.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నోటు ఎలా తయారవుతుందో కొంచెం తెలియాలి. మన నోటు కాగితం పత్తి పీచుతో చేసినది. వాటర్‌మార్కు, భద్రతా దారం కాగితం తయారయ్యేటప్పుడే అందులో కలిసిపోతాయి. పెద్ద షీటు మీద నోట్లు వరుసలుగా అచ్చవుతాయి. మొదట ఆఫ్‌సెట్ యంత్రం ముందూ వెనకా సన్నని రంగుల నేపథ్యం వేస్తుంది. తరువాత ఇంటాగ్లియో యంత్రం వంతు. చెక్కిన పలకలో చిక్కటి సిరా నింపి, విపరీతమైన ఒత్తిడితో కాగితం మీద అదుముతారు. పెద్ద నోట్ల మీద గాంధీజీ బొమ్మను వేలితో తడిమితే గరుకుగా తగిలేది ఇందుకే. మూడో దశలో నంబర్లు పడతాయి. చివరగా షీట్లను దొంతరగా పేర్చి కోస్తారు. దేశంలో ఈ పని నాసిక్, దేవాస్, మైసూరు, సాల్బోనీ ముద్రణాలయాల్లో జరుగుతుంది. నేపథ్యం, బొమ్మ, నంబరు, కోత అనే ఈ వరుస గుర్తుంటే తప్పు నోట్ల విద్యలో సగం వచ్చినట్టే.

ముందు అందరి ఇళ్లలోనూ ఉండే మామూలు మడతల సంగతి చూద్దాం. ఏదో పాత పుస్తకంలో బిమల్ జలాన్ సంతకమున్న వంద నోటు దొరికిందనుకోండి. చూడ్డానికి కొత్తదానిలా ఉంది, వేళ్ల మధ్య పట్టుకుంటే పెళపెళలాడుతోంది. ఇంట్లోవాళ్లు దాన్ని కొత్త నోటే అంటారు. సేకరించేవాళ్ల లెక్క వేరు. చీకటి గదిలో టేబుల్ లైటు వెలిగించి, వెలుతురు నోటు మీదుగా పక్కవాటుగా జారేలా పట్టుకోవాలి. నేరుగా చూస్తే కనపడని మడతలు ఆ ఏటవాలు వెలుగులో నీడ గీతలై పైకి తేలతాయి. నోటును నెమ్మదిగా అటూ ఇటూ వంచుతూ ముందు వెనకలు రెండూ చూడాలి.

అలా చూస్తే మన నోటు నడుమ నిలువుగా పలచని గీత ఒకటి తేలింది. పుస్తకంలో పెట్టేముందు ఎవరో ఒకసారి సగానికి మడిచి ఉంటారు. ఒక మూల దగ్గర చిన్న వంపు కూడా ఉంది, బ్యాంకులో కట్ట లెక్కపెట్టేటప్పుడు బొటనవేలు పడిన చోటు అది. ఇంతకుమించి ఏమీ లేదు. దీని గ్రేడు ఎంత?

అంతర్జాతీయ నోట్ల సేకర్తల సంఘం పెట్టిన గ్రేడుల్లో అన్నింటికన్నా పైది అన్‌సర్క్యులేటెడ్, అంటే చేతులు మారనిది. మూలలు సూదిమొనల్లా ఉండాలి, ఒక్క మడతా ఉండకూడదు. దాని కిందిది అబౌట్ అన్‌సర్క్యులేటెడ్. ఇక్కడ నడిమి మీద ఒక తేలిక మడత ఉండొచ్చు, లేదా మూలన లెక్కింపు వంపు ఉండొచ్చు. రెండూ కలిసి ఉండకూడదు. మన నోటుకు రెండూ ఉన్నాయి కాబట్టి ఇంకో మెట్టు దిగి ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ అవుతుంది. ఆ మెట్టు మీద తేలిక మడతలు మూడు దాకా ఒప్పుకుంటారు, లేదంటే గట్టి మడత ఒక్కటి.

తేలిక మడతకూ గట్టి మడతకూ తేడా వేలికి తెలుస్తుంది. తేలిక మడతలో కాగితం వంగుతుంది గానీ పై పొర తెగదు. గట్టి మడతలో పీచు విరిగి, ఆ గీత వెంట రంగు రాలిపోతుంది. భూతద్దంలో తెల్లటి చార కనిపిస్తుంది. వంగిన కాగితం కాలక్రమంలో కొంత సర్దుకుంటుంది గానీ విరిగిన పీచు ఎన్నటికీ అతకదు. అందుకే మడతలు ఎన్నున్నాయన్నదానికన్నా ఎంత లోతుగా ఉన్నాయన్నదే ముందు చూడాలని నా అభిప్రాయం. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్లు మడతలు లెక్కపెట్టి అక్కడితో ఆగిపోతారు.

ఆ కింది వెరీ ఫైన్ గ్రేడులో నిలువు, అడ్డ మడతలు చాలానే ఉండొచ్చు, కాస్త మురికీ ఉండొచ్చు, కాగితంలో మాత్రం ఇంకా పట్టు ఉండాలి. ఇంకా కిందికి, ఫైన్ గ్రేడు దగ్గరికి వస్తే చిరుగుల లెక్క మొదలవుతుంది. నోటు చుట్టూ ఉన్న తెల్లటి అంచులో చిన్న చిరుగులు ఉంటే ఫైన్‌లోనే ఉంచుతారు. చిరుగు అంచు దాటి బొమ్మలోకి పాకితే వెరీ గుడ్‌కు పడిపోతుంది. పేరు చూసి మురిసిపోకండి, సేకరణలో వెరీ గుడ్ అంటే బాగా వాడిపోయిన నోటు. నాలుగు మడతలు కలిసే నడిబొడ్డున చిన్న రంధ్రం పడినా గ్రేడు అదే. నోటును వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే ఆ రంధ్రం చుక్కలా మెరుస్తుంది.

చిరుగుకు టేపు అంటించడం మనవాళ్లందరికీ అలవాటు. సేకరణకు పనికొచ్చే నోటుకు అంతకన్నా కీడు లేదు. టేపు జిగురు కొన్నేళ్లకు పసుపెక్కి కాగితంలోకి ఇంకుతుంది, పీకితే రంగుతో సహా ఊడొస్తుంది. చిరిగితే చిరిగినట్టే వదిలేయాలి. బ్యాంకులో మార్చుకోవడానికి మాత్రమే అయితే భయం లేదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం యాభై, అంతకు పైబడిన నోట్లలో ఒకే ముక్క 80 శాతానికి మించి మిగిలి ఉంటే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం లోపు ఉంటే సగం విలువ ఇస్తారు. ఇరవై, అంతకు తక్కువ నోట్లకు సగానికి మించి ఉంటే చాలు. అది ముక్క వైశాల్యం కొలిచే లెక్క, దానికీ గ్రేడుకూ సంబంధం లేదు.

మన నోట్లలో తరచూ కనిపించే గాయం ఇంకొకటుంది, పిన్ను రంధ్రాలు. ఒకప్పుడు బ్యాంకులు వంద నోట్ల కట్టకు ఎడమవైపు లావుపాటి స్టేపుల్ పిన్నులు కొట్టేవి. కొత్త నోటు బ్యాంకు గడప దాటకముందే దానికి రెండు తూట్లు పడేవి. 2001 నవంబరులో రిజర్వు బ్యాంకు ఈ అలవాటు మానేసి కాగితపు పట్టీలు వాడమని బ్యాంకులను ఆదేశించింది. అందుకే అంతకుముందటి నోటు పిన్ను రంధ్రం లేకుండా దొరికితే దానికి ఎక్కువ ధర పలుకుతుంది. మన వ్యాపారులు పాత నోట్లను ‘పిన్ను రంధ్రాలతో అన్‌సర్క్యులేటెడ్’ అని అమ్ముతుంటారు. ఆ మాటలో దాపరికం లేదు, మన బ్యాంకుల చరిత్ర తెలిసినవాళ్లు ఒప్పుకునే పద్ధతే అది. విదేశీ గ్రేడింగ్ సంస్థలు మాత్రం ఆ రంధ్రాలను విడిగా రాసిపెడతాయి.

నోటు పాతదైన కొద్దీ గ్రేడులో మినహాయింపు ఇవ్వాలనుకోవడం తరచూ జరిగే పొరపాటు. తెలంగాణ పల్లెల్లో పాత పెట్టెల అడుగున ఇప్పటికీ నిజాం కాలపు ఉస్మానియా సిక్కా నోట్లు బయటపడుతుంటాయి. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగు, కన్నడ, మరాఠీ అక్షరాలూ ఉంటాయి. ఆ నోట్లు చాలావరకు నలిగి, నూనె మరకలతో దొరుకుతాయి. ‘ఇంత పాత నోటు ఈ మాత్రం ఉండటమే గొప్ప’ అని వాటికి పై గ్రేడు వేయకూడదు. ఫైన్ అంటే నిన్నటి నోటుకైనా నూరేళ్ల నోటుకైనా ఫైనే. అరుదైనది కాబట్టి ఫైన్‌లో దొరికినా ఎక్కువ డబ్బు పెట్టి కొనొచ్చు. వయసు ధరలో లెక్కకొస్తుంది, గ్రేడులో రాదు.

గ్రేడు విషయంలో మోసం ఎక్కడ జరుగుతుందో ఇప్పుడు సులువుగానే తెలుస్తుంది. బయట పడిన మడతను చెరిపేసి, అసలు పడనే లేదనిపించాలి. అందుకు నోటును తడిపి, కడిగి, బరువు కిందో ఇస్త్రీ కిందో అదుముతారు. గీతలు మాయమైనట్టే ఉంటాయి. అయితే కాగితం అంత వేడికీ ఒత్తిడికీ చదునైపోయి, ఇంటాగ్లియో బొమ్మ గరుకుదనం తగ్గిపోతుంది. ఆడిస్తే పెళపెళ శబ్దం రాదు, గుడ్డముక్కలా వాలిపోతుంది. ఇంకో పరీక్ష అతినీలలోహిత దీపం. అసలు నోటు కాగితం ఆ దీపం కింద వెలగకుండా మసకగా ఉంటుంది. సబ్బుపొడితో కడిగిన నోటు, పొడిలోని తెల్లదనం పెంచే రసాయనం వల్ల నీలంగా వెలుగుతుంది. చొక్కా జేబులో ఉండిపోయి పొరపాటున ఉతుకులో పడిన నోటు కూడా ఇలాగే వెలుగుతుంది కాబట్టి దీపం ఒక్కటే చూసి నకిలీ నోటని మాత్రం తేల్చేయకండి.

ఇక నంబరు దగ్గరికి వద్దాం. చాలామంది నంబరులో 786 ఉందా, అన్నీ ఒకే అంకెలా అని మాత్రమే చూస్తారు. ఆరు అంకెలకన్నా ముందున్న మూడు గుర్తులు ఎక్కువ కథ చెబుతాయి. గాంధీ బొమ్మ వరుస నోట్లలో ఆ ప్రిఫిక్స్‌లో అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసి ఉంటాయి. ఒక అంకె, రెండు అక్షరాలు ఉండొచ్చు. రెండు అంకెలు, ఒక అక్షరం ఉండొచ్చు. ఒక్కో ప్రిఫిక్స్ కింద నంబర్లు 000001 నుంచి మొదలై పది లక్షల దాకా నడుస్తాయి. ఆ పదిలక్షలో నోటుకు ఆరు అంకెలు చాలవు కాబట్టి ఏడంకెల నంబరు వేసేవారు. అలాంటిది ప్రిఫిక్స్‌కు ఒక్కటే ఉంటుంది. సేకరించేవాళ్లు ఎంతో ఆశగా వెతికే నోట్లలో అదొకటి.

నంబరు వెనకాల పలచగా ఇంకో అక్షరం ఉందేమో కూడా చూడండి. దాన్ని ఇన్‌సెట్ అక్షరం అంటారు. కొన్ని నోట్లకు అది ఉండదు, వాటిని ప్లెయిన్ అంటారు. ఒకే ప్రిఫిక్సు, ఒకే ఆరంకెలు ఉన్న నోట్లు రెండు కనపడితే కంగారు పడకుండా ముందు ఈ అక్షరం చూడాలి. ఇన్‌సెట్ వేరైతే అవి వేర్వేరు వరుసల నోట్లు, రెండూ అసలువే. అందుకే ఒక నోటును పూర్తిగా గుర్తించాలంటే విలువ, సంతకం, వెనక అచ్చయిన సంవత్సరం, ఇన్‌సెట్, ప్రిఫిక్స్ అనే అయిదూ రాసుకోవాలి. కొత్త వరుస విడుదల చేసేటప్పుడు రిజర్వు బ్యాంకు ఇచ్చే ప్రకటనల్లో ఇన్‌సెట్ అక్షరాన్ని కూడా చెబుతుంది.

సంతకం, సంవత్సరం కలిపి చదవడానికి మన తెలుగు గవర్నర్లిద్దరి నోట్లు మంచి పాఠం. నోటు వెనక సంవత్సరం అచ్చువేయడం 2005లో మొదలైంది. యాగా వేణుగోపాల్ రెడ్డి 2003 నుంచి 2008 దాకా గవర్నరు. కాబట్టి ఆయన సంతకంతో సంవత్సరం లేని నోట్లూ ఉన్నాయి, ఉన్న నోట్లూ ఉన్నాయి. ఆయన తరువాత వచ్చిన దువ్వూరి సుబ్బారావు కాలంలో రూపాయికి కొత్త గుర్తు వచ్చింది, అది నోట్ల మీదికీ ఎక్కింది. ఆయన సంతకమున్న నోట్లు గుర్తు ఉన్నవీ లేనివీ రెండు రకాలు. ఒకే విలువ నోటు, ఒకే సంతకం అయినా సేకరణ పుస్తకంలో వేర్వేరు జేబుల్లో పెట్టుకోవాల్సినవి ఇవి. పదవి మరీ కొద్దికాలమైతే సంతకమే అరుదవుతుంది. బి.ఎన్.అదార్కర్ 1970లో మే 4 నుంచి జూన్ 15 దాకా మాత్రమే గవర్నరు. గాంధీ శతజయంతికి వేసిన నోట్లలో ఆయన సంతకమున్నవి ఎల్.కె.ఝా సంతకమున్నవాటికన్నా చాలా తక్కువగా దొరుకుతాయి.

ప్రిఫిక్సుకూ అంకెలకూ మధ్య నక్షత్రం గుర్తు ఉన్న నోట్ల గురించి ఎన్నో పుకార్లు. అసలు సంగతి సులువైనదే. 2006కు ముందు కట్టలో నోట్లన్నీ వరుస నంబర్లతోనే ఉండాలి. అచ్చులో ఒకటి పాడైతే అదే నంబరుతో మళ్లీ వేయాల్సి వచ్చేది. ఆ శ్రమ తప్పించడానికి నక్షత్రం గుర్తున్న నోట్లను విడిగా అచ్చువేసి, పాడైనవాటి స్థానంలో పెట్టడం మొదలుపెట్టారు. మొదట పది, ఇరవై, యాభై నోట్లకు ఈ పద్ధతి వచ్చింది. కొత్త అయిదువందల నోటుకు 2016 డిసెంబరులో వచ్చింది. అలాంటి కట్టలో నోట్లు వందే ఉంటాయి గానీ నంబర్లు వరుసలో ఉండవు, ఆ సంగతి పట్టీ మీదే రాసి ఉంటుంది. నక్షత్రం నోట్లు నకిలీవన్న ప్రచారం 2023లో జోరుగా సాగితే, అవి పూర్తిగా చెల్లుతాయని రిజర్వు బ్యాంకు ఆ ఏడాది జూలైలో ప్రకటించాల్సి వచ్చింది. అన్ని నక్షత్రం నోట్లూ అరుదు కావు. ఏ ప్రిఫిక్స్‌లో ఎన్ని కనిపిస్తున్నాయన్నదాన్ని బట్టే విలువ. మొదటి ఏళ్లవి, నలగనివి అయితేనే ఆగి చూడాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగొద్దాం, అచ్చుశాలలో పడిన మడత. పాత పది రూపాయల నోటు ఒకటి తీసుకుందాం. గాంధీ బొమ్మ మొదటి వరుసలో పది నోటు కొలత 137 మిల్లీమీటర్లు పొడవు, 63 వెడల్పు. చేతిలో ఉన్న నోటుకు ఒక మూలన త్రికోణంలా కాగితం లోపలికి మడిచి ఉంది. మడత విప్పితే ఆ మూల, నోటు ఉండాల్సిన హద్దును దాటి బయటికి పొడుచుకొచ్చింది. అంటే కోత కత్తి దిగేసరికి ఆ మూల మడిచి ఉంది. మడత లోపల దాక్కున్న కాగితం కత్తికి దొరకలేదు. ఆ మిగులు ముక్కలో పక్క నోటు అంచు గానీ, షీటు అంచున అచ్చువాళ్లు వేసుకునే రంగు గుర్తులు గానీ కనిపించవచ్చు. మన వ్యాపారులు దీన్ని ఎక్స్‌ట్రా పేపర్ అంటారు, రెక్కలా విచ్చుకుంటే బటర్‌ఫ్లై అంటారు.

ఇప్పుడు మడత ఏ దశలో పడిందో చూడాలి. విప్పిన మూలలో నేపథ్యం రంగు నిండుగా ఉండి, నంబరు మాత్రం తెగిపోయి సగం వెనకవైపు పడి ఉంటే, మడత నేపథ్యం అచ్చయ్యాక, నంబరు పడకముందు వచ్చింది. నేపథ్యం కూడా మడత దగ్గర ఆగిపోయి తెల్లగా ఉంటే కాగితం మొదటి యంత్రానికే మడిచి వెళ్లింది. నేపథ్యం, నంబరు రెండూ చక్కగా ఉండి మిగులు కాగితం మాత్రమే ఉంటే మడత కోతకు ముందు పడినది. నోటును మళ్లీ అదే గీత మీద మడిచి చూడండి. తెగిన నంబరు రెండు ముక్కలూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. కలవకపోతే ఎవరో కథ అల్లారన్నమాట.

ఎక్స్‌ట్రా పేపర్ నోటుకు సేకరించేవాళ్లు అంత విలువ ఇవ్వడానికి కారణం ఇదే. కత్తెరతో కాగితాన్ని తీసేయగలం గానీ, పత్తి కాగితాన్ని అతుకు లేకుండా కలపలేం. దీనికి తిరగలి వైపు చూస్తే తెలివైన మోసం కనిపిస్తుంది. బొమ్మ ఒక పక్కకు జరిగి, ఒకవైపు అంచు వెడల్పుగా, ఇంకోవైపు అసలు అంచే లేకుండా ఉన్న నోట్లను ‘కటింగ్ ఎర్రర్’ పేరుతో అమ్ముతుంటారు. ముందు స్కేలు పెట్టి కొలవండి. నిజంగా కోత జరిగిపోయిన నోటు కొలత మామూలుగానే ఉంటుంది, లేనివైపు తరిగినంతా రెండోవైపు పెరుగుతుంది, పక్క నోటు గీత కూడా కాస్త కనిపించవచ్చు. పొడవు రెండు మిల్లీమీటర్లు తగ్గిందంటే అది కత్తెర పని.

బొమ్మ లేని నోట్ల సంగతి మరింత ఆసక్తికరం. 2017 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని శ్యోపుర్ జిల్లాలో కొందరు రైతులకు బ్యాంకులో గాంధీజీ బొమ్మే లేని రెండువేల నోట్లు వచ్చాయి. మిగతా రంగులన్నీ ఉన్నాయి. మనం చెప్పుకున్న వరుస ప్రకారం షీటు నేపథ్యం దాటి వచ్చి, ఇంటాగ్లియో దగ్గర అచ్చు పడకుండానే నంబరు యంత్రానికి చేరిందని అర్థమవుతుంది. అంతకు రెండు నెలల ముందు, పెద్ద నోట్ల రద్దు తరువాత హడావిడిగా అచ్చయిన కొత్త అయిదువందల నోట్లలో కొన్నింట గాంధీజీ ముఖానికి నీడ పడినట్టు రెండు గీతలు కనిపించాయి. తొందరలో అచ్చు లోపమున్న నోట్లు బయటికి వచ్చి ఉండవచ్చనీ, జనం వాటిని నిశ్చింతగా తీసుకోవచ్చనీ రిజర్వు బ్యాంకు ప్రతినిధి అప్పట్లో చెప్పారు. తప్పు నోటు నకిలీ నోటు కాదు.

బొమ్మ లేని నోటు కావాలనుకునేవాళ్లు ఉంటే బొమ్మను చెరిపేసేవాళ్లూ ఉంటారు. రసాయనంతో ఇంటాగ్లియో సిరా తుడిచేసిన నోట్లు సంతలోకి వస్తాయి. వాటిని పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఇంటాగ్లియో పలక కాగితాన్ని అంత బలంగా అదుముతుంది కాబట్టి, సిరా పోయినా ఆ అదుము ఎత్తుపల్లాలై కాగితంలో మిగిలిపోతుంది. మడతలు వెతికిన పక్కవాటు వెలుగులోనే చూడండి. ఖాళీ చోట గాంధీజీ కళ్లజోడు నీడలా తేలిందంటే ఆ బొమ్మ ఒకప్పుడు అక్కడ ఉంది, ఎవరో చెరిపారు. అచ్చే పడని నోటులో ఆ చోటు నున్నగా ఉంటుంది. తుడిచిన చోట కింది నేపథ్యం రంగు కూడా చుట్టుపక్కల కన్నా వెలిసిపోయి ఉంటుంది.

చివరిది నంబరు తప్పు. నోటు మీద నంబరు రెండుచోట్ల ఉంటుంది కదా, ఒకచోట 448199 అనీ రెండోచోట 448200 అనీ ఉందనుకోండి. నంబరు యంత్రంలో అంకెల చక్రాలు ఉంటాయి. తొంభైతొమ్మిది దాటి వంద మారేచోట మూడు చక్రాలు ఒకేసారి తిరగాలి, ఏదో ఒకటి మొరాయించడానికి అవకాశం ఎక్కువ. రెండు నంబర్లకు రెండు చక్రాల పెట్టెలు వేర్వేరుగా పనిచేస్తాయి కాబట్టి ఒకటి ఆగినా రెండోది సాగిపోతుంది. నంబర్లు వేసే తీరు ఎలాంటిదంటే, షీట్లను దొంతరగా పేర్చి కోస్తే ఒక్కో గడిలోని నోట్లు వరుస నంబర్ల కట్టగా దిగుతాయి. ఒక చక్రం ఆగిందంటే ఆ గడికి చెందిన తరువాతి షీట్లన్నింటికీ అదే తప్పు పడుతుంది. అంటే ఇలాంటి తప్పు ఎప్పుడూ ఒంటరిగా రాదు, ఒకే కట్టలో వరుసగా కొన్ని నోట్లలో వస్తుంది. కట్టలో ఒక్క నోటుకే తప్పు నంబరు ఉందంటే మరింత శ్రద్ధగా పరీక్షించాలి.

అంకెను చేత్తో మార్చిన నోటు భూతద్దం కింద దొరికిపోతుంది. మూడును ఎనిమిది చేయాలంటే గీత కలపాలి, ఎనిమిదిని మూడు చేయాలంటే గీకాలి. గీకిన చోట పీచు లేచి ఉంటుంది, వెలుగుకు పడితే కాగితం పలచబడి కనిపిస్తుంది. కలిపిన చోట సిరా పీచు వెంట పాకి అంచు మెత్తబడుతుంది. ఈ వరుస నోట్ల నంబర్లను అతినీలలోహిత కాంతిలో వెలిగే సిరాతో వేస్తారు. దీపం కింద ఆరు అంకెల్లో అయిదే వెలిగి ఆరోదాని ఒక ముక్క చీకటిగా ఉంటే ఇంకేమీ అడగనక్కర్లేదు.

786 నోటుకు లక్షలు ఇస్తామంటూ ఫోన్లలో వచ్చే ప్రకటనలను మాత్రం నమ్మొద్దు. ముందుగా కమిషననీ, పన్ననీ కొంత డబ్బు కట్టించుకుని మాయమవడం అందులో పద్ధతి. రిజర్వు బ్యాంకు పేరు, ముద్ర కూడా వాడుకుంటున్నారు. పాత నోట్లు కొనడం, అమ్మడం తమ పని కాదనీ, ఎవరి దగ్గరా కమిషను అడగమనీ ఆ బ్యాంకు 2021 ఆగస్టులో స్పష్టంగా ప్రకటించింది. చట్టం విషయం కూడా ఒకటుంది. 2016లో రద్దయిన పాత అయిదువందలు, వెయ్యి నోట్లను 2017 నాటి చట్టం ప్రకారం మామూలు మనిషి మొత్తం పదికి మించి దగ్గర ఉంచుకోకూడదు. అధ్యయనానికి, నోట్ల సేకరణకు అయితే ఇరవై అయిదు దాకా ఉంచుకోవచ్చు. తప్పు నోటు అయినా రద్దయినదైతే ఈ లెక్కలోకే వస్తుంది.

కొత్త కట్ట విప్పినప్పుడు మడిచిన మూలో, తెగిన నంబరో కనపడితే మొట్టమొదట మడతను విప్పకండి, ఇస్త్రీ చేయకండి, దాన్ని లామినేషన్‌కు ఇవ్వకండి. మామూలు ప్లాస్టిక్ ఆల్బమ్ జేబులు కొన్నేళ్లకు జిడ్డు విడుస్తాయి, పాలియెస్టర్ జేబు వాడండి. ఆ నోటుకు ముందు నంబరు నోటునూ వెనక నంబరు నోటునూ ఖర్చు చేయకుండా దాంతోపాటే ఉంచండి, కట్టకు చుట్టిన కాగితపు పట్టీని కూడా పారేయకండి. ఆ తప్పు ఏ నంబరు దగ్గర మొదలై ఎక్కడ ఆగిందో చూపించే సాక్ష్యం పక్క నోట్లలోనే ఉంటుంది. కొనేవాడు మొదట అడిగేదీ వాటినే.